రిత్విక్ పేరు మీద ఎనిమిది వేలు

ఎల్లేష్‌కు ఉద్యోగం వచ్చిందన్న ఫోను బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. ఒంటిగంటా అయిదు నిమిషాలకు ఏడుపు వచ్చింది.

నల్గొండలో మూడేళ్లుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడతను. ఆ మూడేళ్లలో తీయించిన జిరాక్సులన్నీ వరసగా పరిస్తే నార్కట్‌పల్లి చౌరస్తా దాకా రోడ్డు పడేది. తీరా ఇప్పుడు, కృష్ణ ఒడ్డున ఆత్మకూరులో ఒక విత్తనాల గోదాములో లెక్కలు రాసే పని దొరికింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి చేరాలి. చేరకపోతే మేనేజరు బామ్మర్ది తొమ్మిదీ ఒకటికి చేరతాడు. ఈ మాట మేనేజరే ఫోనులో చాలా ప్రేమగా చెప్పాడు.

ఆత్మకూరులో గది కూడా చూసి పెట్టారు. దానికి అడ్వాన్సు ఆరు వేలు. ఎల్లేష్ దగ్గర ఉన్నది నూట డెబ్బై రూపాయలు, ఒక ఇస్త్రీ చొక్కా. కాకపోతే నల్గొండలో అతనుంటున్న పోర్షన్ డిపాజిట్టులో అతని వాటా ఎనిమిది వేలుంది. బాపు అంజయ్య రెండు మేకలను అమ్మి ఇచ్చిన డబ్బు అది. మూడో మేక ఇంటి దగ్గర ఉంది గాని, ఎల్లేష్ ఊరికి వెళ్లినప్పుడల్లా అది అతన్ని చూసి దూరంగా జరుగుతుంది.

"డిపాజిట్టు తీసుకోని పోరాదుర, ఏడ్సుడెందుకు?" అన్నాడు దివాకర్. మేడ మీది ఆ రెండు గదుల్లో రెండో కిరాయిదారు అతను. ప్రకాశం బజారులో ఒక చెప్పుల షాపులో పని చేస్తాడు.

"ఎవల పేరు మీద తీస్కోవాలెర?"

తప్పు దివాకర్‌దే.

అసలు సంగతి ఇది. పోయిన నవంబరులో ఆ ఇల్లు కిరాయికి తీసుకున్నది దివాకర్, రిత్విక్ అనే ఇంకొకతను. పదకొండు నెలల అగ్రిమెంటు. నెలకు ఎనిమిది వేల కిరాయి, పదహారు వేల డిపాజిట్టు, అన్నీ చెరి సగం. జనవరిలో రిత్విక్‌కు నార్కట్‌పల్లి హైవే మీద హోటల్లో పని దొరికి, అక్కడికే వెళ్లిపోయాడు. అతని జాగాలోకి ఎల్లేష్ వచ్చాడు. ఎనిమిది వేలు రిత్విక్ చేతిలో పెట్టాడు. కాగితం లేదు, సంతకం లేదు. అది పుష్యమాసం కావడమే దానికి కారణం.

ఇంటి ఓనరు గాలయ్య ఆర్టీసీలో ముప్పై ఒక్క సంవత్సరాలు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య శ్యామలమ్మకు మాసాల పట్టింపు. పుష్యంలో గాని, ఆషాఢంలో గాని కొత్త మనిషి ఆమె గడప తొక్కడానికి లేదు. పోస్టుమ్యాన్ మారినా ఆ నెల ఉత్తరాలు గేటు బయటే పెట్టించేది. అందుకని దివాకర్ ఒక ఉపాయం చేశాడు. ఎల్లేష్‌ను తీసుకొచ్చి, "రిత్విక్ ఊరికి పోయి తిరిగొచ్చిండు సార్," అన్నాడు.

అప్పటికి గాలయ్య రెండు కళ్లలోనూ శుక్లాలు. రిత్విక్‌ను ఆయన చూసిందే అగ్రిమెంటు రోజు ఒక్కసారి, అదీ మంకీ క్యాపులో. వంటింట్లోంచి బయటికి రాని శ్యామలమ్మ ఆ మాత్రం కూడా చూడలేదు. ఫిబ్రవరిలో ఆపరేషన్ అయి కట్టు విప్పేసరికి, మందులు పట్టుకుని ఎదురుగా ఉన్నది ఎల్లేష్. "ఇగో, గిప్పుడు కనవడ్డవు రిత్విక్!" అని గాలయ్య సంబరపడ్డాడు. ఆ సంబరం చెడగొట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ రోజు నుంచి అయిదు నెలలుగా ఎల్లేష్ రిత్విక్‌గా కిరాయి కట్టాడు, రిత్విక్‌గా సిలిండర్లు మోశాడు. శ్యామలమ్మ రిత్విక్ పేరున మొక్కిన కొబ్బరికాయ ప్రసాదం కూడా తిన్నాడు. ఉద్యోగం ఆ కొబ్బరికాయ వల్లే వచ్చిందని అతని అనుమానం. అదే నిజమైతే అది కూడా రిత్విక్‌దే కావాలి.

గురువారమంతా మనిషి కోసం వెతికారు. తన జాగాలోకి ఎవరినైనా తేకుండా ఎల్లేష్ వెళ్లిపోతే ఎనిమిది వేల కిరాయీ దివాకర్ మీద పడుతుంది. దివాకర్ జీతం తొమ్మిదిన్నర వేలు. సాయంత్రానికి విజేందర్ దొరికాడు. దవాఖానలో రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్. గది నచ్చింది, కిరాయి నచ్చింది, డబ్బు జేబులోనే ఉంది. కానీ ఇదివరకు ఒక రూములో ఇలాగే చేతిలో పెట్టిన అయిదు వేలు పోగొట్టుకున్నాడు.

"ఓనర్ కాగితం మీద రాసియ్యాలె. ఆ పదహారు వేలల్ల సగం ఇగ నాదని ఆయన సంతకం పెడితేనే పైసలిస్త," అన్నాడు.

"మేం చెప్తలేమా అన్నా?" అన్నాడు దివాకర్.

"ఆయనకు నీ దోస్తు పేరే సక్కగ చెప్పలె మీరు. పైసల సంగతి చెప్తరా?"

అదీగాక శనివారం అమావాస్య. ఆదివారం నుంచి ఆషాఢం. అంటే శుక్రవారం పొద్దు గుంకేలోపు విజేందర్ పాలగిన్నెతో ఆ గడప దాటాలి. దాటకపోతే ఇంకో నెల దాటలేడు. ఎల్లేష్‌కు వాటా రాదు, ఆత్మకూరులో గది దొరకదు, మేనేజరు బామ్మర్దికి మాత్రం ఉద్యోగం దొరుకుతుంది.

శుక్రవారం పొద్దున్నే దివాకర్ ఒక తెల్లకాగితం ముందర పెట్టాడు. "రిత్విక్ అని సంతకం పెట్టు. అయిదు నెలల సంది ఆ పేరు మీదనే బతుకుతున్నవు. సంతకానికేం రోగం?"

ఎల్లేష్ పెన్ను పట్టుకున్నాడు. 'రి' దాకా రాశాడు. కింద గాలయ్య గొంతు వినిపించింది. ఆయన పేపరు చదువుతూ, చిల్లర లెక్కలో తేడా వచ్చిందని ఉద్యోగం పోయిన ఏ ఊరి కండక్టరునో తిడుతున్నాడు. ఎల్లేష్ కాగితం నలిపి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి పారేయలేదు. గాలయ్య అది ఏరి, విప్పి, చదివే రకం.

"అసలు రిత్విక్‌నే పిలుస్త," అన్నాడు.

రిత్విక్ ఫోనులో విషయమంతా విని చాలాసేపు నవ్వాడు. బిల్లు ఎల్లేష్‌కు పడుతోంది. "వస్త గని, బిర్యాని తినిపియ్యాలె. ఫుల్లు. సింగిల్ అంటే ఈడ్నే ఉంట," అన్నాడు. నూట డెబ్బై రూపాయల మనిషి ఫుల్లు బిర్యానికి ఒప్పుకున్నాడు. అది ఎలాంటి రోజో దీన్ని బట్టే తెలుస్తుంది.

పన్నెండున్నరకు నలుగురూ కింద వరండాలో గాలయ్య కుర్చీ ముందు నిలబడ్డారు. రిత్విక్ వచ్చే ముందు జుట్టు కూడా దువ్వుకున్నాడు.

"సార్, ఒక ముచ్చట చెప్పాలె," అన్నాడు ఎల్లేష్.

"చెప్పు రిత్విక్."

"సార్... నేను రిత్విక్‌ను గాదు. ఇగో, ఈయన రిత్విక్."

గాలయ్య పేపరు మడిచి, అసలు రిత్విక్‌ను చెప్పుల నుంచి దువ్విన జుట్టు దాకా చూశాడు.

"ఎవడ్రా వీడు? దొంగ. రిత్విక్‌ను నేనెరుగనా? ఆపరేషన్ అయినంక మొట్టమొదట చూసిందే వాణ్ని!"

"నేనే సార్ రిత్విక్‌ను," అన్నాడు రిత్విక్, "అగ్రిమెంటు మీద నా సంతకమే ఉంది."

"ఏయ్, నువ్వు ఊకో. రిత్విక్, వీడు నిన్ను బెదిరిచ్చిండా? భయపడకు, పోలీసుస్టేషన్ల మనోళ్లున్నరు."

రిత్విక్ ఆధార్ కార్డు తీశాడు. గాలయ్య అద్దాలు పెట్టుకుని చదివాడు. అద్దాలు తుడిచి మళ్లీ చదివాడు. "దొంగ కార్డు," అన్నాడు. ఆ మాటతో రిత్విక్‌కు నవ్వు పోయింది. తను రిత్విక్‌నని రుజువు చేసుకోలేక ఇరవై నాలుగేళ్ల మనిషికి అంతగా చెమటలు పట్టడం దివాకర్ మళ్లీ ఎక్కడా చూడలేదు. చివరకు బీరువాలోంచి అగ్రిమెంటు తీయించి, పేపరు అంచు మీద నాలుగుసార్లు సంతకం చేయించారు. నాలుగూ అగ్రిమెంటు మీది దానిలాగే ఉన్నాయి. 'రి' మీది గుడి తుమ్మెద కూర్చున్నట్టు, చివర తోక.

గాలయ్య అగ్రిమెంటును ఒళ్లో పెట్టుకున్నాడు.

"అంటే," అన్నాడు ఎల్లేష్ వైపు చూడకుండా, "అయిదు నెలల సంది నా బండిల టికెట్ లేకుంట కూసున్నవు."

గాలయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టసాగాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు. దేవరకొండ, మిర్యాలగూడ, మాచర్ల. టాపు మీద కూసున్నోని కాడ సుత పోయి టికెట్ కొట్టిన. జాతర దినం నూట నలభై మంది ఎక్కితే నూట నలభై టికెట్లు. ఒక్కడంటే ఒక్కడు తప్పిపోలే. ఇగ ఇంట్ల కూసుంటే, పైన ఒకడు..."

"కిరాయి కట్టిన సార్. ఒక్క నెల ఆగలే."

"వేరేటోని పేరు మీద కట్టినవు. టికెట్ చేతులు మారదు, తెల్వదా? మధ్యల దిగెటోడు తన టికెట్ ఎక్కెటోనికిస్తే దాన్నేమంటరు?"

"తప్పే సార్."

"మరి గిప్పుడు గింత మంది ఎందుకచ్చిండ్రు?"

ఎల్లేష్ చెప్పాడు. ఉద్యోగం, సోమవారం, మేకలు, ఆత్మకూరు గది, బామ్మర్ది. ఒక్కటీ దాచలేదు. చెప్తూ చెప్తూ, ఇంత దిక్కుమాలిన కథ తన నోటి నుంచే వస్తోందా అని అతనికే ఆశ్చర్యమేసింది. చివరకు, "మీ దగ్గరున్న పైసలు నాకియ్యమంటలేను సార్. అవి అట్లనే ఉంటయి. నా వాటా ఎనిమిది వేలు ఈ విజేందరన్న నా చేతుల పెడ్తడు. ఇగ మీ దగ్గరున్న దాంట్ల సగం ఆయనది, సగం దివాకర్‌ది. మీ జేబులకెల్లి రూపాయి కదలది. అగ్రిమెంటు అయినంక మీరియ్యాల్సింది వాళ్లిద్దరికే. నాకేం బాకీ లేదని రాసిస్త," అన్నాడు.

"నెల నోటీసు రాసుకున్నం అగ్రిమెంటుల. మూడు దినాలకు దిగుతనంటే ఎట్ల?"

"ఈ నెల కిరాయి కట్టిన సార్. ఒకటో తారీకు నుంచి విజేందరన్న కడ్తడు. ఒక్క దినం సుత ఖాళీ ఉండది."

గాలయ్య విజేందర్‌ను చూశాడు. "నువ్వు అసలు విజేందర్‌వేనా?"

"అసలే సార్. దవాఖానల ఎవలినన్న అడుగుండ్రి," అని విజేందర్ ఆధార్, ఉద్యోగం కార్డు, పాత ఓనరు నంబరు, అడక్కుండానే తన బ్లడ్ గ్రూపు కూడా చెప్పాడు.

అప్పుడు వంటింట్లోంచి శ్యామలమ్మ గొంతు వచ్చింది. "ఎవలచ్చిండ్రయ్యా? గంత లొల్లి?"

గాలయ్య ముఖంలో రంగు మారింది. ఎల్లేష్ దాన్ని చూశాడు. బస్సులో టికెట్ లేని మనిషి దొరికితే ప్రయాణికుడికి ఫైను, కండక్టరుకు మెమో. ఈ ఇంట్లో చెకింగ్ అధికారి వంటింట్లో ఉంది. పుష్యంలో కొత్త మనిషి ఎక్కిన సంగతి ఆమెకు తెలిస్తే మెమోతో పోదు, సస్పెన్షనే.

"ఎవలు లేరు! కరెంటు బిల్లు ముచ్చట!" అని అరిచి, గాలయ్య గొంతు తగ్గించాడు. "ఆమెకు చెప్పకుండ్రి. కాగితం తెండ్రి. ఉన్నదున్నట్టు రాస్త. కాగితం మీద అబద్ధం ఉండద్దు. కాగితం ఆమె చదవది."

ముందు మేడ ఎక్కి చూశాడు. వంటగది నల్లా పిడి విరిగి, దారంతో కట్టి ఉంది. గోడలకు తొమ్మిది మేకులు.

"గివి ఎవలు కొట్టిండ్రు?"

"నాయి రెండే సార్," అన్నాడు ఎల్లేష్. "మిగిలినయి నేను రాకముందే ఉండె."

రిత్విక్ పైకప్పు చూశాడు. "నేను దిగేటప్పుడు ఎవలు చూసిండ్రు సార్?"

"గందుకే దిగేటప్పుడు చూడాలె," అన్నాడు గాలయ్య. "నువ్వు గోడలు చూస్కోకుండ ఎనిమిది వేలు వాని చేతుల పోసినవు బిడ్డా. ఎవడు కొట్టిన మేకు గని, చివరికి దిగెటోని నెత్తిల దిగుతది." నల్లాకు మూడు వందల ఇరవై, మేకుకు ఇరవై చొప్పున నూట ఎనభై. అయిదు వందలు. అది డిపాజిట్టులోంచి పట్టుకోనని, ఎల్లేష్ విడిగా ఇవ్వాలని చెప్పాడు. అప్పుడే లోపలికొచ్చే మనిషికి పదహారు వేలూ పూర్తిగా ఉంటాయి.

కింద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. బస్సులో టికెట్ల లెక్క వేబిల్లు మీద రాసినట్టు, గీతలు కొట్టుకుని.

"అగ్రిమెంటుల ఉన్న రిత్విక్, తన వాటా ఎనిమిది వేలు జనవరిల ముట్టినయని, ఇగ ఏ హక్కు లేదని ఒప్పుకున్నడు. ఆయన జాగల ఉన్న..." ఆగి తలెత్తాడు. "ఏం పేరన్నవు?"

"ఎల్లేష్ సార్."

"ఎల్లేష్." నోట్లో చప్పరించి చూసినట్టు అన్నాడు. రెండు పదాలు రాసి మళ్లీ తలెత్తాడు. "రిత్వి... ఏంది?"

"ఎల్లేష్. తండ్రి అంజయ్య."

మూడోసారి అడక్కుండా రాశాడు. ఎల్లేష్ ఆయన భుజం మీదుగా చూశాడు. ఆ ఇంటి కాగితాల్లో తన పేరు ఎక్కడం అదే మొదలు. అదీ "ఖాళీ చేసిన" అనే మాట పక్కన.

మిగతాది చకచకా సాగింది. ఎల్లేష్ తన వాటా విజేందర్ నుంచి తీసుకుని ఖాళీ చేస్తున్నాడు. ఇక మీదట కిరాయిదారులు దివాకర్, విజేందర్. డిపాజిట్టు పదహారు వేలు ఓనరు దగ్గరే ఉంది, అందులో చెరి సగం. అగ్రిమెంటు గడువు, కిరాయి, షరతులు పాతవే. అయిదుగురూ సంతకాలు పెట్టారు. విజేందర్ ఆధార్ జిరాక్సు వెనకాల పెట్టి పాత అగ్రిమెంటుకు పిన్ను కొట్టారు. అప్పుడు విజేందర్ అందరి ముందూ ఎనిమిది వేలు లెక్కపెట్టి ఎల్లేష్ చేతిలో పెట్టాడు. అందులోంచి అయిదు వందలు గాలయ్య చేతిలోకి పోయాయి. తర్వాత రెండు వందల అరవై రిత్విక్ కడుపులోకి పోయాయి.

మూడున్నరకు విజేందర్ పాలగిన్నెతో గడప దాటాడు. శ్యామలమ్మకు కొత్త మనిషి జ్యేష్ఠంలోనే వచ్చినందుకు తృప్తి కలిగింది. ఎల్లేష్ బ్యాగు చూసి మాత్రం ముక్కు చీదింది. "పోయొస్తవా రిత్విక్ బిడ్డా? జర పైలం."

గాలయ్య ఎల్లేష్ కళ్లలోకి చూశాడు. ఎల్లేష్ గాలయ్య కళ్లలోకి చూశాడు.

"పోయొస్తనమ్మా," అన్నాడు రిత్విక్ బిడ్డ.

గేటు దాకా గాలయ్య వచ్చాడు. "బస్సుల టికెట్ తీస్కో," అన్నాడు. అంతే అన్నాడు.

దేవరకొండ బస్సు నల్గొండ దాటేసరికి ఎల్లేష్‌కు కాస్త ఊపిరాడింది. జేబులో ఏడు వేలకు పైనే ఉన్నాయి. ఆత్మకూరు గది ఓనరు కాటమయ్యకు ఫోను చేశాడు.

"అన్నా, బయల్దేరిన. అడ్వాన్సు తెస్తున్న."

"మంచిదే తమ్మీ. పొద్దు గుంకే వరకు అస్తవు గద?"

"యాడిదన్నా, అందేసరికి రాత్రి పదకొండయితది."

కాటమయ్య గొంతు చిన్నదైంది.

"అరెరె. రేపు అమాస, ఎల్లుండి ఆషాఢం. మా అవ్వ గోపమ్మ ఒప్పుకోదు తమ్మీ. దీపం పెట్టినంక కొత్త మనిషి గడప తొక్కొద్దంటది. ఇగ నెల ఆగాలె."

ఎల్లేష్ బస్సు కిటికీ ఊచ పట్టుకున్నాడు. రోడ్డు పక్క పొలాలు, కరెంటు స్తంభాలు, బామ్మర్ది నవ్వు, మూడో మేక, అన్నీ వరసగా వెనక్కి పోయాయి. ఏ గండం దాటడానికి పొద్దుటి నుంచి చచ్చాడో అదే గండం అవతలి గట్టున కూడా కూర్చుని ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. తన ఇంటి పంచాంగమే లోకమంతా ఉంటుందని తెలియని మనిషి నల్గొండలో ఇంకొకడు ఉండడు.

"అన్నా, సోమవారం నాకు డ్యూటీ. పండుకునే జాగ లేకుంటే నౌకరి పోతది. ఏమన్న చెయ్యన్నా. నీ కాళ్లు మొక్కుత."

"ఆగు, ఆగు. ఏడ్వకు." కాటమయ్య ఇటూ అటూ చూసినట్టుంది. "ఒక ఉపాయమున్నది. ఆ రూముల మొన్నటిదాక నర్సిమ్ములని ఒక పిల్లగాడుండె. పది దినాల కింద పోయిండు. అవ్వకింక తెల్వది, ఊరికి పోయిండనుకుంటాంది. ఆమెకు కండ్లు సక్కగ కనవడయి. నువ్వు రాత్రి సప్పుడు చెయ్యకుంట రా. అడిగితే నర్సిమ్ములునని చెప్పు."

కండక్టరు వచ్చి నిలబడ్డాడు. "ఎక్కడికి?"

ఎల్లేష్ ఒక చేత్తో డబ్బులు తీసి టికెట్ తీసుకున్నాడు. ఇంకో చేత్తో ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"సరే అన్నా. అవ్వ నన్నేమన్న పిలవనియ్యి, పలుకుత. కని అడ్వాన్సు రశీదు మాత్రం నాకు రాత్రే రాసియ్యాలె. ఎల్లేష్, తండ్రి అంజయ్య అని. రాసెముందల నువ్వు నేను కలిసి గోడల మేకులు లెక్కపెడ్దం."